"టీచర్, మా తాతయ్య నరకంలో ఉన్నాడా?"

(ప్రైమరీ, హైస్కూల్ టీచర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ పెద్దది. చావు, స్వర్గం, నరకం, పునర్జన్మ, వీటి మీద పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు ఎలా చెప్పాలి అని. అన్నీ గంటలో చెప్పేస్తే మీకేమీ మిగలదు. అందుకని ఒక్క ప్రశ్న తీసుకుంటాను. దాన్నే మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

నాలుగో తరగతి. తొమ్మిదేళ్ళ పాప. సైన్స్ పీరియడ్‌లో మొక్క ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా ఎండిపోతుంది అని చెప్పారు మీరు. బెల్లు కొట్టారు. అందరూ బయటికి పరిగెత్తారు. ఈ పాప మాత్రం బ్యాగు సర్దుతూ, సర్దిందే మళ్ళీ సర్దుతూ ఉండిపోయింది. క్లాసు ఖాళీ అయ్యాక మీ టేబుల్ దగ్గరికొచ్చి, టేబుల్ అంచు గోటితో గీకుతూ అడిగింది. "టీచర్, మా తాతయ్య దేవుణ్ణి నమ్మేవాడు కాదు. ఇప్పుడు నరకంలో ఉన్నాడా?"

ఏం చెబుతారు? నిజంగా అడుగుతున్నాను. నోట్సు రాయడం ఆపి ఒక్కసారి ఆలోచించండి. తర్వాతి క్లాసుకి మూడు నిమిషాలే టైముంది.

ఆఁ, అక్కడ మేడమ్ అన్నారు, "నరకం లాంటిదేమీ లేదమ్మా, భయపడకు" అని. ఇటువైపు సార్ అన్నారు, "తాతయ్య మంచివాడు కదా, స్వర్గంలోనే ఉంటాడు" అని. ఇంకెవరో మెల్లగా అన్నారు, నాకు వినపడింది, "ఇలాంటివి అడగకూడదు" అని. సరే. నూటికి తొంభై మంది నోటి నుంచి వచ్చేవి ఈ మూడే. మూడూ ప్రేమతోనే చెబుతాం. మూడో దాంట్లో కాస్త టెన్షన్ కూడా ఉంటుందనుకోండి.

మొదటిది చూద్దాం. "నరకం లేదు." ఇది మతం లేని మాటలా అనిపిస్తుంది. కానీ ఇదీ ఒక నమ్మకమే కదా? ఆ పాప ఇంట్లో అమ్మమ్మ రోజూ వేరేలా చెబుతూ ఉండొచ్చు. అప్పుడు పాపకి ఇద్దరు పెద్దవాళ్ళు మిగులుతారు, ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నట్టు. భయం తగ్గలేదు సరికదా, ఎవరిని నమ్మాలన్న బెంగ ఒకటి పైన చేరింది. రెండోది, "స్వర్గంలో ఉన్నాడు." వినడానికి ఎంత బావుంది! కానీ మీకెలా తెలుసు? పాప తెలివైనదైతే అదే అడుగుతుంది, "మీకెలా తెలుసు టీచర్?" అని. పైగా "మంచివాడు కదా" అన్నారు. తాతయ్య మంచివాడు కాడేమో! తాగి కొట్టేవాడేమో! పాపకి తెలుసు, మీకు తెలియదు. మీరు ధైర్యం చెప్పానని అనుకుంటారు. పాప మనసులో "అయితే తాతయ్య నరకంలోనే ఉన్నాడన్నమాట" అని ఖాయం అయిపోతుంది.

మూడోది, అడగకూడదు. దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. టీచర్ కూడా భయపడుతోందంటే అది నిజంగా అంత ఘోరమైనదే అయి ఉంటుందని పిల్ల అనుకుంటుంది. అంతే.

మరేం చేయాలి? జవాబు చెప్పే ముందు, అసలు అడిగిందేమిటో తెలుసుకోవాలి.

ఇదే మాటలతో వచ్చే ప్రశ్నల్లో నాకు తెలిసి మూడు రకాలున్నాయి. ఒకటి, సమాచారం కోసం అడిగేది. ఏదో కథ విన్నాడు, బొమ్మ చూశాడు, "నరకం ఎక్కడుంటుంది సార్?" అని క్లాసు మధ్యలో గట్టిగా అడుగుతాడు. సగం మంది నవ్వుతారు. అది ఆసక్తి. రెండోది, వాదించడానికి అడిగేది. పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళు అడుగుతారు. "దేవుడికి దయ ఉంటే నరకం ఎందుకు పెట్టాడు?" అని. అది బుర్ర పదును పెట్టుకోవడం. మూడోది దుఃఖంతోనో భయంతోనో అడిగేది. ఇది ఎలా గుర్తుపడతాం? వాక్యంలో ఎవరో ఒకరు ఉంటారు. తాతయ్య, అమ్మ, తమ్ముడు, చచ్చిపోయిన కుక్కపిల్ల, కొన్నిసార్లు "నేను". ఇంకా, అందరి ముందూ అడగరు. ఎవరూ లేనప్పుడు వస్తారు. చేతులు ఊరికే ఉండవు. మన పాప టేబుల్ గీకుతోంది, గుర్తుందా?

ఆ మూడో రకం ప్రశ్నకి మొదటి రకం జవాబు చెప్పామనుకోండి, ఫలానా మతంలో ఇలా, ఫలానా మతంలో అలా అని, చాలా నిష్పక్షపాతంగా చెప్పినట్టే ఉంటుంది. కానీ ఏడుస్తున్న పిల్ల చేతికి ఎన్‌సైక్లోపీడియా ఇచ్చినట్టు.

కాబట్టి మొదటి మాట ఒక ప్రశ్న కావాలి. "ఎందుకు అడుగుతున్నావు?" అనకండి. మన ఇళ్ళలో ఆ మాట తిట్టే ముందు వస్తుంది. "ఈ ఆలోచన నీకు ఎలా వచ్చిందమ్మా?" అనండి. లేదా "ఎవరైనా ఏదైనా అన్నారా?" అనండి. కుర్చీలో కూర్చుని అడగండి, నిలబడి కాదు. తర్వాతి క్లాసు ఉంటే నిజమే చెప్పండి. "ఇది పెద్ద ప్రశ్న. నాకిప్పుడు రెండు నిమిషాలే ఉన్నాయి. మధ్యాహ్నం లంచ్ అయ్యాక ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం" అని. చెప్పిన టైముకి మీరు అక్కడుండాలి. ఉండలేకపోతే అసలు చెప్పొద్దు.

సరే, మధ్యాహ్నం అయింది. పాప చెప్పింది. పక్క బెంచీ అబ్బాయి అన్నాడట, దేవుణ్ణి నమ్మనివాళ్ళని నరకంలో కాగే నూనెలో వేస్తారని. తాతయ్య పోయి నెల అయింది. తాతయ్యకి వేడి అంటే పడదు, ఎండలోకే వచ్చేవాడు కాదు. చూశారా, పాపని వేధిస్తున్నది వేదాంతం కాదు, నూనె. తాతయ్య ఒళ్ళు కాలుతోందన్న బొమ్మ. రాత్రి కళ్ళు మూసుకుంటే అదే.

ఇక్కడ మనకి గట్టి నేల ఒకటి ఉంది. ఏ నమ్మకం వైపూ ఒరగకుండా నిలబడగలిగిన నేల. శరీరం. "చనిపోయాక శరీరం పనిచేయడం ఆగిపోతుంది. గుండె ఆగుతుంది, మెదడు ఆగుతుంది. మెదడు ఆగిపోయాక వేడి తెలియదు, చలి తెలియదు, ఆకలి తెలియదు, నొప్పి తెలియదు. తాతయ్య శరీరానికి ఇప్పుడు ఏ నొప్పీ లేదు. ఇది నాకు కచ్చితంగా తెలుసు." ఇది సైన్స్ టీచర్ చెప్పగలిగిన మాట. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇది అర్థమవుతుందా? అవుతుంది. 1984లో స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. చావు అంటే తిరిగి రాకపోవడం, శరీరం పని ఆగిపోవడం, అందరికీ వచ్చేదే, ఈ మూడూ ఎక్కువమంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్యలో తెలిసిపోతాయని తేల్చారు. కానీ తెలిసినదాన్ని భయం కప్పేస్తుంది. మనం చేసేది ఆ కప్పు తీయడం.

"నిద్రపోతున్నాడు", "దూరం వెళ్ళాడు" లాంటి మాటలు ఇక్కడ వాడకండి. చిన్నపిల్లలు వాటిని ఉన్నదున్నట్టు తీసుకుని నిద్రపోవడానికే భయపడతారు. చనిపోయాడు, అంతే.

కొందరు పిల్లలు ఇక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి ఇదే చాలు. కానీ మన పాప గట్టిది. "శరీరం కాదు టీచర్. ఆత్మ" అంటుంది. ఇప్పుడేం చేస్తారు?

ఇప్పుడు తెలిసినదానికీ నమ్మేదానికీ మధ్య గీత గీయాలి. పాప ఎదురుగానే గీయాలి. "శరీరం గురించి అడిగితే నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఆత్మ గురించి మనుషులు రకరకాలుగా నమ్ముతారు. అది పరీక్ష చేసి చూపించగలిగేది కాదు. అందుకని ఎవరు ఏం నమ్ముతారో చెప్పగలను గానీ, ఇదే నిజమని నేను చెప్పలేను." పాపకి ఈ తేడా కొత్త కాదు. 2005లో పాల్ హారిస్, మార్తా హిమెనెస్ అనే ఇద్దరు స్పెయిన్‌లో ఏడేళ్ళ, పదకొండేళ్ళ పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. కథలో చనిపోయేది తాతయ్యో బామ్మో. ఒక కథలో డాక్టరు మాట్లాడతాడు, ఇంకో కథలో పాస్టరు లాంటి మతగురువు మాట్లాడతాడు. తర్వాత అడిగారు, ఇప్పుడు కళ్ళు పనిచేస్తాయా, మనసు పనిచేస్తుందా అని. డాక్టరు కథ విన్నప్పుడు అన్నీ ఆగిపోతాయన్న పిల్లలే, మతగురువు కథ విన్నప్పుడు కొన్ని కొనసాగుతాయన్నారు. శరీరం కంటే మనసు కొనసాగుతుందని ఎక్కువ మంది అన్నారు. తమాషా ఏమిటంటే, అలా అన్నవాళ్ళలో చిన్నవాళ్ళ కంటే పదకొండేళ్ళ వాళ్ళే ఎక్కువ. అంటే పెరిగేకొద్దీ ఒకటి పోయి ఇంకొకటి రాదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. మనం ఒకదాన్ని నిలబెట్టడానికి రెండోదాన్ని పడగొట్టక్కర్లేదు.

ఇక ఎవరేం నమ్ముతారో చెప్పడం. దీనికి టీచర్‌కి కాస్త సరుకు కావాలి. పిల్లకి చెప్పేది రెండు వాక్యాలే, కానీ ఆ రెండు వాక్యాలు తప్పు కాకుండా ఉండాలంటే వెనకాల ఇరవై వాక్యాలు తెలిసి ఉండాలి. మనలో చాలామంది సొంత మతం గురించి కూడా సినిమాల్లో చూసిందే చెబుతాం. నవ్వకండి, నిజం.

ఆ కాగే నూనెనే తీసుకోండి. భాగవతం పంచమ స్కంధం చివరి అధ్యాయంలో 28 నరకాల పేర్లున్నాయి. అందులో కుంభీపాకం అంటే కాగే నూనె. అది ఎవరికి? దేవుణ్ణి నమ్మనివాళ్ళకి అని అక్కడ లేదు. ప్రాణమున్న జంతువుల్ని, పక్షుల్ని వండుకునే క్రూరులకి. వేదమార్గం విడిచినవాళ్ళకి అసిపత్రవనం అని వేరే ఉంది, అది కూడా దాచకూడదు, ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి. కానీ అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది. అక్కడ ఫలం అనుభవించాక మిగిలిన కర్మతో మళ్ళీ ఇక్కడే పుడతారని. అంటే అది శాశ్వతం కాదు. బౌద్ధంలో కూడా నరకాలున్నాయి, అవీ శాశ్వతం కావు, ఎంత దీర్ఘమైనా ఒకనాటికి ముగుస్తాయి. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో రబ్బీ అకీవా అనే మతగురువు మాట ఒకటుంది, దుష్టులకి గెహెన్నాలో, అంటే వాళ్ళ నరకంలో, శిక్ష పన్నెండు నెలలని. క్రైస్తవంలో నరకం శాశ్వతమనే బోధ బలంగా ఉంది, ఇస్లాంలోనూ ఉంది. కానీ వాటి లోపల కూడా అందరిదీ ఒకే మాట కాదు. 1999 జూలై 28న పోప్ రెండో జాన్ పాల్ ఒక ఉపదేశంలో, నరకం అంటే ఒక చోటు అనేకంటే దేవుడి నుంచి తమంతట తాము పూర్తిగా విడిపోయినవాళ్ళ స్థితి అన్నారు. ఇక ఆత్మే లేదు, చావుతో అంతా అయిపోతుంది అన్నవాళ్ళు కూడా ఎప్పటి నుంచో ఉన్నారు. చార్వాకులు మనకి తెలుసు కదా.

ఇదంతా పాపకి చెప్పమంటున్నానా? అస్సలు కాదు. ఇది మీ కోసం. "హిందువులు ఇలా నమ్ముతారు", "క్రైస్తవులు అలా నమ్ముతారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఉండటానికి.

అయితే ఇదంతా చదివాక ఒక విషయం పైకి తేలుతుంది. అది పాపకి పనికొస్తుంది. నరకం ఉందని గట్టిగా నమ్మే సంప్రదాయాల్లో కూడా, ఫలానా మనిషి అక్కడున్నాడని వేలెత్తి చూపే హక్కు మామూలు మనుషులకి ఇవ్వలేదు. ఇందాక చెప్పిన ఆ ఉపదేశంలోనే పోప్ ఇంకో మాట అన్నారు. అక్కడ మనుషులు ఉన్నారా, ఉంటే ఎవరున్నారు అన్నది, దేవుడే ప్రత్యేకంగా తెలిపితే తప్ప మనకి తెలిసేది కాదని. కాథలిక్ చర్చి ఎంతోమందిని పునీతులని ప్రకటించింది, ఒక్క మనిషి పేరు చెప్పి ఇతను నరకంలో ఉన్నాడని మాత్రం అధికారికంగా ప్రకటించలేదు. ఇస్లాంలో తీర్పు అల్లాహ్‌దే. మహాభారతం చివర్లో ధర్మరాజు స్వర్గానికి వెళ్ళి చూస్తే అక్కడ సింహాసనం మీద దుర్యోధనుడు కనిపిస్తాడు. తన తమ్ముళ్ళూ ద్రౌపదీ నరకంలో కనిపిస్తారు! తర్వాత అది మాయ అని తెలుస్తుందనుకోండి. అంతటి ధర్మరాజుకే ఎవరెక్కడున్నారో అంచనా తప్పింది, పక్క బెంచీ అబ్బాయికి ఏం తెలుస్తుంది?

కాబట్టి పాపతో ఇలా అనొచ్చు. "నరకం ఉందని నమ్మేవాళ్ళు ఉన్నారు. అది కొంతకాలమే ఉంటుందని నమ్మేవాళ్ళున్నారు, ఎప్పటికీ ఉంటుందని నమ్మేవాళ్ళున్నారు, అసలు లేదనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఉందని నమ్మేవాళ్ళలో కూడా బాగా చదువుకున్న పెద్దలు, ఒక మనిషి పేరు చెప్పి ఇతను అక్కడున్నాడు అని మనం చెప్పలేం అంటారు. కాబట్టి మీ తాతయ్య గురించి ఆ అబ్బాయికి తెలియదు. నాకూ తెలియదు." చూడండి, ఇందులో నమ్మమని చెప్పలేదు, నమ్మొద్దని చెప్పలేదు. కానీ నూనె కింద మంట తగ్గింది. అబద్ధం చెప్పకుండానే.

ఇప్పుడు అసలైనది వస్తుంది. మీలో కొందరు ఎదురుచూస్తున్నారు, మొహాల్లో తెలుస్తోంది. "మరి మీరేం నమ్ముతారు టీచర్?"

దీనికి ఒకే జవాబు లేదు, నా అభిప్రాయం చెబుతాను. ప్రైమరీ పిల్లలకి చెప్పకపోవడమే మంచిది. కారణం కూడా వాళ్ళకి చెప్పాలి. దాటేసినట్టు ఉండకూడదు. "నేను అనుకునేది నాకూ ఉంది. కానీ నేను చెబితే అదే కరెక్ట్ ఆన్సర్ అనుకుంటావు. లెక్కల్లో నా జవాబు కరెక్ట్ అవుతుంది. ఇందులో అలా కాదు. ఇది మీ ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, పెద్దయ్యాక నువ్వే ఆలోచించుకోవాల్సింది." హైస్కూల్ పెద్దపిల్లలకి, వాళ్ళు అడిగితే, చివర్లో చెప్పొచ్చు, వాళ్ళు మాట్లాడటం అయిపోయాక. ముందే చెబితే చర్చ అక్కడే చచ్చిపోతుంది. మీకు నచ్చే మాటే మాట్లాడతారు. మార్కులు వేసేది మనమే కదా!

కానీ ఒక సంగతి. నోటితో చెప్పకపోయినా మన నమ్మకం కారిపోతూనే ఉంటుంది. ఎక్కడి నుంచి? క్రియల్లోంచి. మన మతం గురించి చెప్పేటప్పుడు "ఉంది", "జరుగుతుంది" అంటాం. పక్కవాళ్ళ మతం గురించి "వాళ్ళ కథల్లో ఉంటుంది" అంటాం. లేదా "పూర్వం అలా నమ్మేవాళ్ళు" అంటాం, ఆ నమ్మేవాళ్ళ పిల్లాడు మూడో బెంచీలో కూర్చునుండగా. అసలు ఏదీ నమ్మని టీచరైతే అన్నిటికీ ఒకే చిన్న నవ్వు. పిల్లలు ఆ నవ్వు చదివేస్తారు. మీరొక పని చేయండి. ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఈ జవాబు ఇంట్లో ఒకసారి చెప్పి వినండి. ప్రతి మతానికీ ఒకే క్రియ వాడారా, "నమ్ముతారు" అని? ఆ కుటుంబం వాళ్ళు క్లాసు వెనకాల కూర్చుని వింటే "మమ్మల్ని సరిగ్గానే చెప్పారు" అంటారా? అంతే, ఆ రెండు ప్రశ్నలు చాలు.

ఇక్కడ నాకు నచికేతుడు గుర్తొస్తాడు. కఠోపనిషత్తులో ఆ పిల్లాడు యముడి ఇంటికే వెళ్ళి అడుగుతాడు, చనిపోయాక మనిషి ఉంటాడా, ఉండడా అని. యముడు ఏమన్నాడు? దేవతలకే దీని మీద సందేహం ఉంది, ఇది తేలిగ్గా తెలిసేది కాదు, వేరే వరం కోరుకో అన్నాడు. ఆవులిస్తాను, ఏనుగులిస్తాను, బంగారం ఇస్తాను, ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు బతుకు అన్నాడు. సాక్షాత్తు యముడే టాపిక్ మార్చాడండీ! మనమైతే "పోర్షన్ అవ్వలేదు, కూర్చో" అంటాం. పిల్లాడు ఊరుకున్నాడా? ఊరుకోలేదు. మన పిల్లలూ ఊరుకోరు. మన దగ్గర జవాబు దొరక్కపోతే ఇంకెక్కడో దొరికించుకుంటారు, ఈ రోజుల్లో అది ఏ వీడియో అవుతుందో మనం చెప్పలేం.

ఆ నూనె మాటన్న అబ్బాయి సంగతి. వాడిని పిలిచి అందరి ముందూ "అలాంటిదేమీ లేదు, సారీ చెప్పు" అంటే ఏమవుతుంది? వాడి ఇంటి నమ్మకాన్ని మీరు తప్పన్నట్టు. వాడు ఇంట్లో విన్నదే చెప్పి ఉంటాడు, బహుశా వాడికీ ఆ నూనె అంటే భయమే. విడిగా మాట్లాడండి. "నరకం గురించి నువ్వేం నమ్ముతావో అది నీది, నేను కాదనను. కానీ ఇంకొకళ్ళ ఇంటి మనిషి అక్కడున్నాడని చెప్పడం మాత్రం మన క్లాసులో కుదరదు. ఆ పిల్లకి తాతయ్య పోయి నెలే అయింది." నమ్మకానికి హద్దు పెట్టలేదు, మాటకి పెట్టాం. అంతే చాలు, సారీ వాడే చెబితే చెబుతాడు.

తర్వాత ఇంటికి ఫోన్. అదే రోజు చేయండి. మర్నాటికి పాప చెప్పే వెర్షన్ వేరేగా ఉంటుంది, "టీచర్ నరకం లేదంది" అనో "ఉందంది" అనో. ఫోన్‌లో ఏం చెప్పాలి? జరిగింది జరిగినట్టు. "పాప ఇలా అడిగింది, నేను ఈ మాటలు చెప్పాను, మిగతాది ఇంట్లో అడగమన్నాను. తాతయ్య గురించి మీతో మాట్లాడాలని ఉన్నట్టుంది." మీ విశ్లేషణ వద్దు. 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం పిల్లలకి ఆలోచనా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ ఉన్నాయంటుంది. అదే అధికరణంలో, పిల్లల ఎదుగుదలకి తగ్గట్టు దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులకి ఉన్నాయని కూడా అంటుంది. రెండూ ఒకేచోట ఉన్నాయి. మన పని ఆ రెంటి మధ్యలో దూరడం కాదు.

ఒక్కోసారి ఇంట్లోవాళ్ళే అంటారు, "అవునండీ, ఆయన నరకానికే పోతాడు, మేం చెబుతూనే ఉన్నాం" అని. అప్పుడు? వాళ్ళ మతం మీద వాదనకి దిగకండి, గెలవరు, అది మీ పని కూడా కాదు. పిల్లలో కనిపించింది మాత్రం చెప్పండి. "పాప రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని చెప్పింది. క్లాసులో మాట్లాడటం తగ్గింది. తాతయ్య కాలుతున్నట్టు కళ్ళకి కడుతోందట." నమ్మకాన్ని మార్చమని అడగట్లేదు. పిల్ల మీద దాని బరువు ఎంత పడుతోందో చూపిస్తున్నాం. చాలామంది ఇక్కడ మెత్తబడతారు. మెత్తబడకపోతే కౌన్సెలర్‌కో హెడ్‌మాస్టర్‌కో చెప్పాలి. ఒంటరిగా మోయకండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినండి. కొన్ని ప్రశ్నలు నరకం ప్రశ్నల్లా కనిపిస్తాయి, కానీ కావు.

"నేను తాతయ్యని చచ్చిపో అన్నాను టీచర్. నేనూ నరకానికి వెళ్తానా?" ఇది నేరభావం. చిన్నపిల్లలు తమ కోపం వల్లే మనిషి పోయాడనుకుంటారు, తొమ్మిది పదేళ్ళ వాళ్ళు కూడా. ఇక్కడ గోడ మీద కూర్చోవద్దు. "కొందరు ఇలా నమ్ముతారు, కొందరు అలా" అనొద్దు. గట్టిగా చెప్పండి. "కోపంలో అన్న మాట వల్ల ఎవరూ చనిపోరు. తాతయ్య జబ్బు వల్ల చనిపోయాడు." జబ్బు పేరు తెలిస్తే పేరు చెప్పండి. ఇది నమ్మకం విషయం కాదు, వాస్తవం.

ఇంకోటి. "ఆత్మహత్య చేసుకుంటే నరకానికి వెళ్తారా సార్?" ఇది విని వెంటనే "అవును, అది మహాపాపం" అంటాం, పిల్లాడు ఆ పని చేయకుండా ఆపాలని. దయచేసి అలా అనకండి. ఆ పిల్లాడి ఇంట్లో ఎవరో అలా పోయి ఉండొచ్చు, అప్పుడు మీరు శిక్ష ఖరారు చేసినట్టే. లేదా వాడే ఆ ఆలోచనలో ఉండొచ్చు. అప్పుడు మీ జవాబుతో వాడు నోరు మూసుకుంటాడు, ఆలోచన మాత్రం ఎక్కడికీ పోదు. అడగండి, సూటిగా అడగండి. "నీకు తెలిసినవాళ్ళెవరైనా అలా చనిపోయారా? నీకు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన వస్తుందేమోనని చాలామందికి భయం. రాదు. అడగడం వల్ల ఆలోచన పుట్టదన్నది ఈ రంగంలో పనిచేసే వాళ్ళందరూ చెప్పే మాట. "ఎవరికీ చెప్పకండి సార్" అంటే ఒప్పుకోకండి. "నీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి సాయం చేయగలవాళ్ళకి చెబుతాను, నీతో పాటే ఉంటాను" అనండి. అదే రోజు కౌన్సెలర్‌కి, ఇంటికి అప్పగించండి. పిల్లాణ్ణి ఒంటరిగా పంపొద్దు. "నేను తాతయ్య దగ్గరికి ఎలా వెళ్ళాలి?" అని చిన్నపిల్ల అడిగినా సరే, ఎక్కువసార్లు అది బెంగే, కానీ బెంగే అని మీరు అనేసుకోకండి. అడిగి తెలుసుకోండి.

మన పాప విషయానికొస్తే, వారం తర్వాత ఒకసారి కదిపి చూడండి. "ఆ రోజు మాట్లాడుకున్నాం కదా, ఇప్పుడెలా ఉంది?" అని. మామూలుగా ఆడుకుంటూ, తింటూ, నిద్రపోతూ ఉంటే, అప్పుడప్పుడూ మళ్ళీ అదే ప్రశ్న అడిగినా కంగారు పడకండి. పిల్లలు అడిగిందే అడుగుతారు, జవాబు మారిందేమో చూడటానికి. అవే మాటలు చెప్పండి. కానీ వారాలు గడుస్తున్నా నిద్ర లేకపోవడం, బడికి రానని ఏడవడం, ఒకే రకం బొమ్మ పదేపదే గీయడం ఉంటే, అది క్లాసులో తేలేది కాదు. సాయం కావాలి.

సరే, ప్రశ్నలు. ఆఁ, వెనక వరసలో సార్... వినపడింది. "పదో తరగతి కుర్రాడు లేచి, నరకం లేకపోతే మంచిగా ఎందుకుండాలి సార్ అంటే ఏం చేయాలి?" బాగుంది. ఇది రెండో రకం ప్రశ్న, సంతోషంగా తీసుకోండి. వెంటనే జవాబు చెప్పకండి, క్లాసుకే తిప్పండి. "ఈ వారంలో తప్పు చేసే అవకాశం ఉండి కూడా నువ్వు చేయని పని ఒకటి రాయి. ఎందుకు చేయలేదో కూడా రాయి. పేరు రాయొద్దు." చీటీలు కలిపి చదవండి. దొరికిపోతానని అని ఒకడు రాస్తాడు, అమ్మ బాధపడుతుందని ఇంకొకళ్ళు, వాడు నా ఫ్రెండు కదా అని ఇంకొకళ్ళు, దేవుడు చూస్తాడని కొందరు. అన్నీ బోర్డు మీద పెట్టండి, దేవుడు చూస్తాడన్నది కూడా, నవ్వకుండా, మిగతావాటి పక్కనే అదే సైజు అక్షరాల్లో. తర్వాత అడగండి, వీటిలో ఎవరూ చూడనప్పుడు కూడా పనిచేసేవి ఏవి, చేయనివి ఏవి అని. ఆ తర్వాత వాళ్ళే కొట్టుకుంటారు, మాటలతోనే లెండి. మీరు మాట్లాడేది మాత్రం ఆ పీరియడ్ మొత్తం మీద ఐదు నిమిషాలు దాటకుండా చూసుకోండి. చివర్లో ఎవరు గెలిచారో చెప్పమంటారు. చెప్పకండి.